చూసిన నిమిషాలు ఎవరివి?

పదో తరగతి సైన్సు పాఠాలు చెప్పే తెలుగు యాప్ ఒకటి ఉందనుకుందాం. దాని వీడియోల కింద మొదట్లో కంప్యూటర్ దానంతటది రాసుకున్న క్యాప్షన్లు వచ్చేవి. సగం మాటలు తప్పు, మిగతా సగం ఆలస్యం. నిర్వాహకులు మనుషుల్ని పెట్టి వాటిని దిద్దించారు. నెల తిరిగాక లెక్క తీస్తే, క్యాప్షన్లు పెట్టుకుని చూసిన మొత్తం సమయం 5,200 నిమిషాల నుంచి 9,200 నిమిషాలకు పెరిగింది. వినపడని పిల్లలు ఇప్పుడు దాదాపు రెట్టింపు చూస్తున్నారని సమావేశంలో ఒకరు సంతోషంగా చెప్పారు. అదే పట్టిక ముందు పెట్టుకుని ఇంకొకరు, ఒక్కో వీక్షణకు సగటు 5.2 నిమిషాల నుంచి 4.6కి పడిపోయింది కదా, పెట్టిన ఖర్చు దండగేనన్నారు.

ఇద్దరూ పొరబడ్డారు. ఆ నెలలో వినపడని పిల్లల్లో ఏ ఒక్కరూ నిమిషం ఎక్కువా చూడలేదు, నిమిషం తక్కువా చూడలేదు.

అదెలాగో విడదీసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే గానీ, ఇలాంటి చిక్కు నిజం లెక్కల్లోనూ ఎదురవుతుంది. దిద్దకముందు క్యాప్షన్లతో సాగిన వీక్షణలు 1,000. వాటిలో 300 వీక్షణలు క్యాప్షన్ లేకపోతే పాఠమే అందని పిల్లలవి, సగటున 8 నిమిషాలు. మిగతా 700 చెవులు బాగానే ఉండి, బస్సులోనో పడుకున్న తమ్ముడి పక్కనో మోత లేకుండా చూసుకునే పిల్లలవి, సగటున 4 నిమిషాలు. రెండూ కలిపితే 5,200 నిమిషాలు. దిద్దాక మొదటి గుంపు మారలేదు. అవే 300 వీక్షణలు, అవే 8 నిమిషాలు. రెండో గుంపు మాత్రం 700 నుంచి 1,700 అయింది. క్యాప్షన్లు చదవడానికి వీలుగా మారేసరికి, అంతకుముందు అవి లేకుండా చూసిన పిల్లలే మరికొందరు పెట్టుకున్నారు. వాళ్ల నిమిషాలు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారాయి, అంతే. మొత్తం 9,200కి చేరింది. తక్కువసేపు చూసేవాళ్లు ఎక్కువమంది కలవడంతో సగటు 4.6కి దిగింది.

క్యాప్షన్లో ధ్వనిలో మెరుగుపరిచాక, వాటి మీద ఆధారపడినవారి వీక్షణ సమయం మారిందా లేదా తేల్చాలంటే మొదటి ప్రశ్న ఇదే: ఆధారపడినవారు ఎవరు? క్యాప్షన్ బటన్ నొక్కిన వారందరినీ ఆ గుంపులో వేస్తే లెక్క పునాదిలోనే పోతుంది. బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ 75 లక్షల మంది టీవీలో సబ్‌టైటిళ్లు వాడేవారు. అందులో 60 లక్షల మందికి వినికిడి లోపం లేదు. ఫోన్లో వీడియోలు చూడటం ఇంకా అంతగా అలవాటుకాని రోజుల మాట అది. ఇక మన దగ్గర 2011 జనగణన వినికిడి లోపం ఉన్నవారిని సుమారు 50 లక్షలుగా లెక్కించింది. వయసు మీదపడి చెవి మందగించినవారిలో చాలామంది తమను ఆ లెక్కలోకి చేర్చుకోరు. టీవీ వాల్యూమ్ మాత్రం పెంచుతారు.

గుంపును గుర్తించడానికి నిజాయితీగల దారులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే మేలైనది అడగడం. జనగణనలూ సర్వేలూ వాడే వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలు ఇందుకు సరిగ్గా పనికొస్తాయి. వినికిడి యంత్రం పెట్టుకున్నా వినడంలో ఇబ్బంది ఉందా అని అడిగి నాలుగు జవాబులు ఇస్తారు: ఏమీ లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు వినలేను. ‘మీరు వికలాంగులా’ అని అడిగితే ముడుచుకునే మనిషి కూడా ఈ ప్రశ్నకు జవాబిస్తాడు. జవాబివ్వడం ఐచ్ఛికమని చెప్పాలి, ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పాలి. ఇది ఒంటికి సంబంధించిన సమాచారం, మొహమాటపెట్టి రాబట్టేది కాదు.

రెండో దారి ఫోన్ సెట్టింగు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ఒక్క యాప్‌కు కాకుండా ఫోన్ మొత్తానికీ క్యాప్షన్లు ఆన్ చేసుకునే సెట్టింగు ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో యాప్‌కు తెలుస్తుంది. ఒక చెవి మాత్రమే పనిచేసేవారికి రెండు వైపుల ధ్వనినీ కలిపి వినిపించే మోనో సెట్టింగు కూడా ఉంది. బస్సులో కాసేపు చూసేవాడు ఇంత లోపలికి వెళ్లి సెట్టింగు మార్చుకోవడం అరుదు. మూడోది పాత అలవాటు. గత 8 వారాల్లో చూసిన పాఠాల్లో పదింట తొమ్మిది క్యాప్షన్లతోనే చూసినవారిని విడిగా పెట్టుకోవచ్చు. అయితే ఈ గుంపులో తెలుగు చదువుకుంటూ అక్షరాలతో సరిచూసుకునే పిల్లలు కూడా కలుస్తారు. కాబట్టి ఈ దారిలో పట్టుకున్న గుంపులోంచి కొందరిని ఆ నాలుగు జవాబుల ప్రశ్న అడిగి, ఎంత శాతం సరిపోయిందో చూసుకోవాలి.

ఏ దారి పట్టినా తప్పకూడని నియమం ఒకటి. గుంపును మార్పుకు ముందే నిర్ణయించి జాబితా మూసేయాలి. మార్పు తర్వాత వచ్చి చేరినవారిని కలిపితే పైన చూసిన తికమకే మళ్లీ వస్తుంది. జాబితాలో ఉన్నవాళ్లు తర్వాత క్యాప్షన్లు ఆపేసినా, పాఠం తెరిచి పది సెకన్లలో వెళ్లిపోయినా లెక్కలో ఉండాల్సిందే. నచ్చక వెళ్లిపోయినవారిని తీసేసి నిలిచినవారి సగటు కడితే ఏ మార్పయినా గొప్పగానే కనిపిస్తుంది.

ఇక రెండో పని చాలామంది దాటేసేది. క్యాప్షన్ నిజంగా మెరుగైందా? ‘దిద్దాం’ అనడం వేరు, చదివేవాడికి అది అందడం వేరు. ఇంగ్లిషులో తప్పుల్ని మాటల లెక్కన కొలుస్తారు. తెలుగులో ఆ కొలత దారి తప్పుతుంది. ‘వచ్చేస్తుందన్నమాట’ అని కలిపి రాసిన మాటను ‘వచ్చేస్తుంది అన్నమాట’ అని విడదీస్తే యంత్రం దృష్టిలో అది తప్పే, చదివే పిల్లకి ఏ తేడా లేదు. అక్షరాల లెక్కన కొలిస్తే నిజానికి కాస్త దగ్గరవుతాం. చదివే వేగానికీ అంతే. బీబీసీ తన సబ్‌టైటిళ్లకు నిమిషానికి 160 నుంచి 180 మాటలని పెట్టుకున్న హద్దును, ఒక్క మాటలో వాక్యమంతా ఇమిడిపోయే మన భాషకు యథాతథంగా తెచ్చుకుంటే తెర మీద చదవలేనంత రాత పడుతుంది.

అన్ని తప్పులూ సమానం కావు కూడా. తెలుగు వాక్యంలో అవునో కాదో చివర తేలుతుంది. ‘ఈ లోహం నీటితో చర్య జరుపుతుంది’, ‘ఈ లోహం నీటితో చర్య జరపదు’ అనే వాక్యాలు చివరి మాట దాకా ఒక్కటే. మాట్లాడేవారి గొంతు దిగిపోయేది కూడా సరిగ్గా అక్కడే. అయ్యవారు బోర్డు వైపు తిరిగి వాక్యం ముగించారంటే యంత్రానికి దొరికేది ‘చర్య జర’ వరకే, తర్వాతది ఊహ. నూటికి 98 అక్షరాలు సరిగ్గా పడి, ఆ ఒక్క క్రియ తప్పితే పాఠం తలకిందులవుతుంది. అందుకే ఒక్కో పాఠంలో అర్థాన్ని మార్చేసిన తప్పులు ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టాలని నా గట్టి అభిప్రాయం. దిద్దకముందు అలాంటివి పదిహేను ఉండి, దిద్దాక రెండే మిగిలితే మెరుగుదల జరిగినట్టు. పదిహేనులో పన్నెండు అలాగే ఉండి, కామాలూ ఫుల్‌స్టాపులూ చక్కబడితే వీక్షణ సమయంలో మార్పు కోసం వెతకడం అనవసరం.

ధ్వనికి కూడా ఇలాంటి ముందు పరీక్షే కావాలి. వాల్యూమ్ పెంచడాన్ని స్పష్టత అనుకుంటారు చాలామంది. వినికిడి తగ్గినవారికి అసలు ఇబ్బంది మాటకూ వెనక మోతకూ మధ్య దూరం చాలకపోవడం. అంతర్జాలంలో సౌలభ్య ప్రమాణాలు నిర్దేశించే డబ్ల్యూసీఏజీ అత్యున్నత స్థాయి నియమాల్లో, వెనక శబ్దం మాట కంటే కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలని ఉంది. పాఠం కింద సన్నగా సంగీతం పెట్టే అలవాటు ఉన్న ఛానెళ్లు ఒకసారి కొలిచి చూసుకోవాలి. గది ప్రతిధ్వని ఇంకో శత్రువు. స, శ లాంటి హల్లులు ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి, వయసుతో ముందుగా తగ్గేది ఆ భాగపు వినికిడే. ఫ్యాను కింద, మాట్లాడేవారికి నాలుగు అడుగుల దూరంలో ఫోను పెట్టి తీసిన వీడియోలో ముందు కరిగిపోయేవి ఆ శబ్దాలే. చొక్కాకి తగిలించే మైకు పెడితే చాలావరకు తీరుతుంది. తీరిందో లేదో చూడటానికి కొందరికి వాక్యాలు వినిపించి విన్నది రాయమంటే సరి. పాత రికార్డింగులో వందకు ఎన్ని మాటలు సరిగ్గా రాశారు, కొత్తదానిలో ఎన్ని రాశారు అన్నది వీక్షణ సమయం కంటే ముందు తెలియాల్సిన అంకె.

అసలు పరీక్ష ఆ తర్వాత. పాతదాన్నీ కొత్తదాన్నీ ముందు నెల, తర్వాత నెల అని పోల్చడం పదో తరగతి పాఠాల్లో మరీ ప్రమాదం. పరీక్షలు మార్చి ప్రాంతంలో వస్తాయి కాబట్టి ఫిబ్రవరి నుంచే అందరి వీక్షణ సమయమూ లేస్తుంది. జనవరిలో క్యాప్షన్లు దిద్దినవాడు పరీక్షల భయాన్ని తన ఘనతగా రాసుకుంటాడు. దీనికి విరుగుడు చీటీలు వేయడం. జాబితాలోని పిల్లల్లో సగం మందికి పాత క్యాప్షన్లు, సగం మందికి కొత్తవి, అదే రోజుల్లో, అవే పాఠాలకు ఇవ్వాలి. ఎవరికి ఏది అన్నది అదృష్టం నిర్ణయించాలి, నిర్వాహకులు ఎంచకూడదు. ఖాతా ప్రకారం పంచాలి గానీ ఫోను ప్రకారం కాదు. లేకపోతే ఫోన్లో పాతవి చూసిన పిల్లకి ఇంట్లో టీవీలో కొత్తవి కనిపించి రెండు గుంపులూ కలిసిపోతాయి.

సొంత యాప్ లేకుండా యూట్యూబ్ మీదే నడిపేవారికి మనుషుల్ని ఇలా పంచే వీలుండదు. వాళ్లు వీడియోలను పంచుకోవచ్చు. అంశంలో, నిడివిలో పోలిన 40 పాత వీడియోలను జతలుగా పెట్టి, ప్రతి జతలో ఒకదాన్ని చీటీ వేసి ఎంచి, దాని క్యాప్షన్లు దిద్దాలి. యూట్యూబ్ అనలిటిక్స్‌లో సబ్‌టైటిళ్లు పెట్టుకున్న వీక్షణలను విడిగా చూసే వీలుంది కాబట్టి జతల మధ్య తేడా కట్టవచ్చు. అయితే అక్కడ కనిపించేది బటన్ నొక్కినవారు మాత్రమే, వినపడనివారు ఎవరో తెలియదు. ఇంకో చిక్కుంది. ఎక్కించిన వీడియోకు క్యాప్షన్లను ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ, మాట్లాడిన గొంతును శుభ్రం చేసి దాని చోట పెట్టాలంటే కొత్తగా ఎక్కించాలి. కొత్త లింకు వస్తుంది, పాత వీక్షణలన్నీ వెనకే ఉండిపోతాయి. ధ్వని పరీక్షను కొత్త పాఠాలతోనే పెట్టుకోవాలి, క్యాప్షన్ల పరీక్షతో కలపకూడదు. రెండూ ఒకేసారి మార్చి, దేనివల్ల ఏమైందని అడిగితే ఏ లెక్కా జవాబు చెప్పదు.

మన యాప్‌కే తిరిగొద్దాం. 12 నిమిషాల పాఠం. చీటీల పద్ధతిలో పాత క్యాప్షన్లు వచ్చినప్పుడు సగటు వీక్షణ 8.0 నిమిషాలు, కొత్తవి వచ్చినప్పుడు 7.9. మార్పు శూన్యం. ఇక్కడితో ఆగి ‘ప్రభావం లేదు’ అని రాసేసేవారే ఎక్కువ. నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ తొందరే. ఎందుకంటే అర్థం కానివాడు వీడియోను వెనక్కి లాగి మళ్లీ చూస్తాడు. ఆ మళ్లీ చూసిన నిమిషాలు కూడా వీక్షణ సమయమే. క్యాప్షన్ తప్పుగా పడితే పిల్ల అయ్యవారి పెదాలు చూడటానికి వెనక్కి వెళ్తుంది, మళ్లీ చదువుతుంది, పుస్తకంతో సరిచూసుకుంటుంది. యాతన పెరిగితే నిమిషాలు పెరుగుతాయి. యాతన తగ్గితే నిమిషాలు తగ్గుతాయి. అదే సమయంలో, పాఠం అర్థమవుతోంది కాబట్టి ముందుకు వెళ్లి ఇంకొంత చూస్తుంది, దాంతో నిమిషాలు పెరుగుతాయి. ఈ రెండూ ఎదురెదురుగా లాగితే మొత్తం కదలదు.

కాబట్టి 8.0 నిమిషాలను విడగొట్టాలి. పాత క్యాప్షన్లతో అందులో 1.4 నిమిషాలు మళ్లీ చూసినవి, మొదటిసారి చూసినవి 6.6. కొత్తవాటితో 7.9లో మళ్లీ చూసినవి 0.5, మొదటిసారి చూసినవి 7.4. అంటే పాఠంలో 55 శాతం అందిన చోట ఇప్పుడు 62 శాతం దాకా అందుతోంది. ‘చూసిన సమయం’ అనే ఒక్క అంకె దాచేసిన సంగతి ఇది. వెనక్కి లాగినవి ఏ సెకను దగ్గర గుమిగూడాయో చూస్తే ఇంకా తెలుస్తుంది. యూట్యూబ్‌లో ప్రేక్షకులు నిలిచిన తీరు చూపే గీతలో ఇలాంటి చోట్ల చిన్న గుట్ట లేస్తుంది. ఆ గుట్ట తప్పుపడ్డ క్యాప్షన్ దగ్గరే ఉండి, దిద్దాక చదునైపోతే, మార్పు క్యాప్షన్ వల్లేనని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. గుట్ట కష్టమైన లెక్క దగ్గరుంటే అది పాఠం కష్టం, క్యాప్షన్ తప్పు కాదు.

ఇంతకీ మన జాబితాలో ఎంతమంది ఉన్నారు? 400 మంది అనుకుందాం. ఇలాంటి పరీక్షలు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. మనిషికీ మనిషికీ వీక్షణ సమయంలో తేడా చాలా పెద్దది. ఒకరు ఒక్క నిమిషంలో వెళ్లిపోతారు, ఒకరు మొత్తం చూస్తారు. ఆ ఎగుడుదిగుడు సుమారు 5 నిమిషాలుంటే, అరనిమిషం తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి ఒక్కో వైపు 1,600 మంది కావాలి. గణాంకవేత్తల మోటు సూత్రం ఇది: ఎగుడుదిగుడును దానితోనే గుణించి, పదహారు రెట్లు చేసి, వెతుకుతున్న తేడాను దానితోనే గుణించగా వచ్చిన దానితో భాగించాలి. 400 మందితో, రెండు సగాలుగా చీల్చి, అరనిమిషం వెతికితే ఏమీ కనిపించదు. కనిపించలేదు కాబట్టి ప్రభావం లేదనుకుంటారు. కొలబద్ద మొద్దుబారిందని అనుకోరు. వీక్షకులందరినీ కలిపి లెక్కిస్తే మనుషుల సంఖ్య చాలుతుంది గానీ, క్యాప్షన్ అవసరం లేని లక్షమంది నడుమ ఈ 400 మంది గొంతు వినిపించదు.

దీనికి మార్గం ఉంది. ఒక్కో విద్యార్థిని తనతో తననే పోల్చడం. ప్రతి ఒక్కరూ పది పాఠాలు చూస్తే, చీటీ ప్రకారం ఐదింటికి పాత క్యాప్షన్లు, ఐదింటికి కొత్తవి ఇవ్వాలి. ఓపిక ఉన్న పిల్ల రెండింటిలోనూ ఓపికగానే ఉంటుంది కాబట్టి మనుషుల మధ్య తేడా లెక్కలోంచి జారిపోతుంది. మిగిలిన ఎగుడుదిగుడు 2.5 నిమిషాలకు తగ్గిందంటే 200 మంది చాలు. మన 400 మందితో పని జరుగుతుంది. ఈ పద్ధతికీ ఒక హద్దుంది. నాలుగు పాఠాల్లో క్యాప్షన్ మోసం చేసిన పిల్ల ఐదో పాఠంలో మంచి క్యాప్షన్ వచ్చినా నమ్మదు. నమ్మకం కుదరడానికి వారాలు పడుతుంది. వారాల తరబడి కొత్తవే ఇస్తే ఆ పిల్ల మళ్లీ మళ్లీ వస్తుందా, వేరే సబ్జెక్టు కూడా తెరుస్తుందా అన్నది ఈ మార్చి మార్చి ఇచ్చే పరీక్ష చెప్పలేదు. దానికి గుంపులను విడదీసి, ఒక టర్ము పొడుగునా ఆగి, రాకపోకలు లెక్కపెట్టాలి.

ధ్వనిలో ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇది ఎక్కువ నచ్చుతుంది. ఏది మంచిదో మనం నిర్ణయించకుండా, చెయ్యి వాళ్లకే ఇవ్వడం. బీబీసీ 2019లో క్యాజువాల్టీ అనే ఆసుపత్రి ధారావాహిక ఎపిసోడ్ ఒకదానికి, సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సాగిన పరిశోధన ఆధారంగా, తెర మీద జరిపే గుండీ ఒకటి పెట్టి ప్రజల ముందుంచింది. ఒక చివర మామూలు ధ్వని. ఇంకో చివరికి జరుపుతుంటే మాటలూ కథకు తప్పనిసరి శబ్దాలూ నిలిచి, మిగతావి తగ్గిపోతాయి. ధ్వనులను ముందే వేర్వేరుగా ఉంచి, ఏది కథకు ఎంత అవసరమో గుర్తులు పెట్టడం వల్ల ఇది వీలైంది. అమెజాన్ ప్రైమ్ వీడియో 2023లో తెచ్చిన డైలాగ్ బూస్ట్ సంభాషణను ముందుకు తెచ్చే ఎంపిక ఇచ్చేదే. కొలిచేవాడికి ఇలాంటి గుండీ ఇచ్చేది వీక్షణ సమయం ఒక్కటే కాదు. గుండీని ఎవరు ఎంత దూరం జరిపారు, ఏ సన్నివేశంలో జరిపారు, జరిపాక మళ్లీ వెనక్కి తెచ్చారా, అన్నీ నమోదవుతాయి. పాఠాల యాప్‌లో వెనక సంగీతాన్ని విడిగా ఉంచి అలాంటి గుండీ పెడితే, ఆ 400 మందిలో ఎంతమంది సంగీతాన్ని పూర్తిగా తీసేశారో మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

గుండీ వాడినవారి నిమిషాలను వాడనివారి నిమిషాలతో పోల్చి గుండీ గొప్పదని చెప్పే తప్పు మాత్రం చేయకూడదు. శ్రద్ధగలవారే వెతికి వాడుతారు, ముందు నుంచీ ఎక్కువ చూసేవారు వాళ్లే. ఇక్కడా చీటీయే దిక్కు. సగం మందికి గుండీ కనిపించాలి, సగం మందికి కనిపించకూడదు. పోల్చాల్సింది కనిపించినవారందరినీ కనిపించనివారందరితో. గుండీని ముట్టనివారు కూడా లెక్కలోనే ఉంటారు.